గ్రాఫ్ చూసి సమీకరణం రాయడం ఎలా: కొలత అసింప్టోట్ నుంచి మొదలుపెట్టండి

ప్రశ్నలో ఒక వంపు గీత ఉంటుంది. దాని మీద రెండు చుక్కలు, పక్కన చుక్కలు చుక్కలుగా గీసిన ఒక సరళరేఖ. కింద "ఈ గ్రాఫ్ సమీకరణం కనుక్కోండి" అని ఉంటుంది. చాలామంది వెంటనే ఆ వంపు y-అక్షాన్ని ఎక్కడ ఖండిస్తోందో చూస్తారు. అది రెండో పని. ముందు చూడాల్సింది ఆ సరళరేఖనే. వంపు దాన్ని తాకబోతున్నట్టే ఉంటుంది గానీ ఎప్పటికీ తాకదు. పుస్తకాల తెలుగులో దాన్ని అనంతస్పర్శరేఖ అంటారు. క్లాసులో అందరూ అసింప్టోట్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను.

ఎక్స్‌పోనెన్షియల్ అయినా లాగరిథమ్ అయినా కొలతలన్నీ అసింప్టోట్ నుంచి తీస్తే లెక్క సగం తేలిపోతుంది. అక్షాల నుంచి కొలవడం మొదలుపెడితే ఎక్కడో ఒకచోట చిక్కుపడుతుంది. అదెలాగో అంచెలంచెలుగా చూద్దాం.

ముందు y = 2^x ని చేత్తో గీయండి

x విలువలు −1, 0, 1, 2, 3 తీసుకుంటే y విలువలు 0.5, 1, 2, 4, 8 వస్తాయి. ఇక్కడ అసింప్టోట్ x-అక్షమే, అంటే y = 0. ఈ y విలువలను "అసింప్టోట్ నుంచి వంపు ఎంత ఎత్తులో ఉంది" అనే దూరాలుగా చూడండి. x ఒక గడి కుడికి జరిగినప్పుడల్లా ఆ దూరం రెట్టింపు అవుతోంది. ఆ "రెండు రెట్లు" అన్నదే బేస్. x = 0 దగ్గర దూరం 1.

ఇప్పుడు ఒక్కో మార్పు ఈ దూరాన్ని ఏం చేస్తుందో చూడండి.

`2^x + 5` అంటే వంపుతో పాటు అసింప్టోట్ కూడా 5 గడులు పైకి లేస్తుంది. రెండూ కలిసే లేచాయి కాబట్టి వాటి మధ్య దూరాల్లో ఏ మార్పూ లేదు. `3·2^x` అంటే అసింప్టోట్ ఉన్నచోటే ఉంటుంది, దూరాలన్నీ మూడు రెట్లవుతాయి. ఇదే నిలువు సాగదీత. `−2^x` లో దూరాలు అవే, కానీ వంపు అసింప్టోట్‌కి అవతలి వైపుకు, అంటే కిందికి పల్టీ కొడుతుంది. `2^(−x)` ఎడమ కుడులను తారుమారు చేస్తుంది. ఇక్కడ ఒక్కో గడి కుడికి వెళ్తే దూరం సగమవుతుంది, అంటే ఇది (1/2)^x. `2^(2x)` వంపును అడ్డంగా y-అక్షం వైపు నొక్కుతుంది. అది 4^x కాబట్టి కొత్త బేస్ వచ్చిందనుకున్నా తప్పులేదు.

మిగిలింది `2^(x−3)`. మైనస్ ఉంది కదా అని ఎడమకు జరిపేయడం అందరూ ఒక్కసారైనా చేసే తప్పు. ఘాతం సున్నా ఎక్కడవుతుందో అడగండి. x = 3 దగ్గర అవుతుంది. ముందు x = 0 దగ్గర ఉన్న 1 అనే దూరం ఇప్పుడు x = 3 దగ్గరకు వచ్చింది, అంటే వంపు కుడికి జరిగింది. దిక్కును బట్టీ పట్టకండి. ప్రతిసారీ "లోపలిది సున్నా ఎక్కడ" అని చూసుకోండి.

జరపడం, సాగదీయడం రెండూ ఒకటే అయ్యే చోటు

`2^(x+3)` ని విడదీస్తే 2^3 · 2^x, అంటే `8·2^x`. మొదటి రూపం చూసినవాళ్లు "మూడు గడులు ఎడమకు జరిపారు" అంటారు. రెండో రూపం చూసినవాళ్లు "నిలువుగా ఎనిమిది రెట్లు సాగదీశారు" అంటారు. వంపు మాత్రం ఒక్కటే. గీసిన గ్రాఫ్ చూసి ఈ రెండింట్లో ఏది చేశారో ఎవరూ చెప్పలేరు.

చదువుకునే రోజుల్లో ఈ సంగతి తెలియక నేను ఒక సరైన జవాబును కొట్టేశాను. నేను `5 − 2·2^x` అని రాస్తే, పుస్తకం వెనక `−2^(x+1) + 5` అని ఉంది. లెక్క మొత్తం చెరిపి మళ్లీ చేశాను, మళ్లీ అదే వచ్చింది. రెండూ ఒకటేనని తెలియడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

దీనివల్ల మనకొక లాభం ఉంది. గ్రాఫ్ నుంచి సమీకరణం రాసేటప్పుడు అడ్డంగా ఎంత జరిగిందని వెతకక్కర్లేదు. ఈ ఒక్క రూపం చాలు:

`y = a·b^x + k`

ఇందులో k అంటే అసింప్టోట్ ఎత్తు, a అంటే x = 0 దగ్గర అసింప్టోట్ నుంచి దూరం (గుర్తుతో సహా), b అంటే ఒక గడికి ఆ దూరం ఎన్ని రెట్లవుతుందన్నది.

లెక్క చేద్దాం: y-అక్షం మీద బిందువు కనిపిస్తున్నప్పుడు

గ్రాఫ్‌లో అసింప్టోట్ y = 5. వంపు దానికి కిందే ఉంది. ఎడమవైపు వెళ్లేకొద్దీ 5 కి దగ్గరవుతోంది, కుడివైపు కిందికి దూసుకుపోతోంది. దాని మీద (0, 3), (1, 1) అనే బిందువులు స్పష్టంగా ఉన్నాయి.

మొదట k = 5 అని రాసేయండి. తర్వాత ప్రతి బిందువు y విలువ నుంచి 5 తీసేయండి. (0, 3) దగ్గర 3 − 5 = −2. (1, 1) దగ్గర 1 − 5 = −4. ఇవే దూరాలు. మైనస్ వచ్చిందంటే వంపు అసింప్టోట్‌కి కింద ఉందని అర్థం.

x = 0 దగ్గర దూరం −2, కాబట్టి a = −2. ఒక గడి జరిగితే −2 కాస్తా −4 అయింది, కాబట్టి b = 2. సమీకరణం:

`y = −2·2^x + 5`

ఇక్కడ ఆగిపోకండి. లెక్కలో వాడని మూడో బిందువు ఒకటి గ్రాఫ్ మీద చూడండి. x = 2 అయితే −2·4 + 5 = −3 రావాలి. వంపు (2, −3) గుండా పోతోందా? పోతోంది. x = −1 దగ్గర −1 + 5 = 4, అదీ సరిపోతోంది. రెండు బిందువులతో కట్టిన సమీకరణం ఆ రెండింటికీ ఎలాగూ సరిపోతుంది. నిజమైన పరీక్ష మూడో బిందువుదే.

వంపు y-అక్షాన్ని స్పష్టమైన చోట ఖండించకపోతే? అసింప్టోట్ y = −1, బిందువులు (1, 5), (3, 0.5) అనుకోండి. −1 తీసేస్తే, అంటే 1 కలిపితే, దూరాలు 6, 1.5. రెండు గడుల్లో దూరం నాలుగో వంతుకు పడిపోయింది. రెండు గడులకు 1/4 అంటే ఒక గడికి దాని వర్గమూలం, 1/2. ఇక్కడ తొందరపడి b = 1/4 రాసేస్తే మార్కులు పోతాయి. మధ్యలో ఎన్ని గడులున్నాయో లెక్కపెట్టి, అన్నో మూలం తీయాలి.

b తెలిసింది కాబట్టి x = 1 నుంచి ఒక గడి వెనక్కి వెళ్లండి. దూరం 6 అక్కడ 12 అవుతుంది. a = 12. సమీకరణం `y = 12·(1/2)^x − 1`. x = 2 పెడితే 3 − 1 = 2. గ్రాఫ్ మీద (2, 2) ఉందో లేదో చూసుకోండి.

అసింప్టోట్ గీయకపోతే

కొన్ని గ్రాఫుల్లో వంపు ఒక్కటే ఉంటుంది. అది ఏ ఎత్తు దగ్గర చదునవుతోందో కంటితో అంచనా వేయాలి. అంచనా తప్పితే లెక్కంతా తప్పుతుంది, అయితే ఆ తప్పును వెంటనే పట్టుకునే దారి ఉంది. పై వంపునే తీసుకుందాం. (0, 11), (1, 5), (2, 2) బిందువులు కనిపిస్తున్నాయి. మీరు అసింప్టోట్ x-అక్షమేనని పొరబడ్డారనుకోండి. అప్పుడు దూరాలు 11, 5, 2 అవుతాయి. 5/11 సుమారు 0.45, 2/5 మాత్రం 0.4. సమాన అంతరాల్లో నిష్పత్తి మారకూడదు, ఇక్కడ మారింది. అంటే k తప్పు పట్టారన్నమాట.

అంచనా అక్కర్లేని పద్ధతి కూడా ఉంది. ఒక్కో గడి దూరంలో ఉన్న మూడు బిందువుల y విలువలకు వరుసగా తేడాలు తీయండి. 5 − 11 = −6, 2 − 5 = −3. తేడా తీసినప్పుడు k తనంతట తానే కొట్టుకుపోతుంది. కాబట్టి ఈ తేడాల నిష్పత్తే b అవుతుంది: −3/−6 = 1/2. ఇక a కోసం, x = 0 నుంచి 1 కి వచ్చిన తేడా a·b − a, అంటే a(b − 1). a(−1/2) = −6 కాబట్టి a = 12. చివరికి 12 + k = 11 నుంచి k = −1 వస్తుంది. మూడు తెలియని సంఖ్యలకు మూడు బిందువులు కావాలి. రెండే ఇచ్చి అసింప్టోట్ ఇవ్వకపోతే జవాబు ఒక్కటే అని చెప్పలేం.

వరుస తప్పితే ఏమవుతుంది

సమీకరణం ఇచ్చి గ్రాఫ్ గీయమన్నప్పుడు ఈ గొడవ వస్తుంది. `2^(3−x)` తీసుకోండి. ముందు ఎడమ కుడులు తిప్పి `2^(−x)` చేశారు, తర్వాత 3 గడులు ఎడమకు జరిపారు. వచ్చేది `2^(−(x+3))`, అంటే `2^(−x−3)`. ఇది మనకు కావలసింది కాదు. ముందు తిప్పితే తర్వాత కుడికి జరపాలి, ఎందుకంటే 3 − x ని −(x − 3) అని రాయొచ్చు. ముందే ఎడమకు 3 జరిపి తర్వాత తిప్పినా సరైన వంపే వస్తుంది. ఈ తలనొప్పి వద్దనుకుంటే, ఘాతం సున్నా అయ్యేది x = 3 దగ్గర కాబట్టి (3, 1) చుక్క పెట్టండి. కుడికి వెళ్తే ఒక్కో గడికి దూరం సగమవుతుందని గుర్తుంచుకుని మిగతా చుక్కలు పెట్టండి. అప్పుడు వరుస ఊసే ఉండదు.

నిలువు మార్పుల్లోనూ ఇంతే. వంపును 5 పైకి జరిపి ఆ తర్వాత x-అక్షంలో ప్రతిబింబించితే అసింప్టోట్ కూడా పల్టీ కొట్టి −5 దగ్గరకు వెళ్తుంది: `−(2^x + 5)`. ముందు ప్రతిబింబించి తర్వాత 5 పైకి జరిపితే `−2^x + 5`, అసింప్టోట్ 5 దగ్గరే. ఎక్కడ తేడా పడిందో అసింప్టోట్ చూస్తేనే తెలిసిపోతుంది.

లాగరిథమ్: అదే గ్రాఫ్, పక్కకు తిప్పి

y = log₂ x అంటే y = 2^x ని y = x గీత మీద ప్రతిబింబించినదే. x, y పాత్రలు మారిపోతాయి. అసింప్టోట్ నిలువుగా x = 0 దగ్గర నిలబడుతుంది, (0, 1) కాస్తా (1, 0) అవుతుంది. కాబట్టి దూరాలను ఇప్పుడు అడ్డంగా కొలవాలి. అసింప్టోట్ నుంచి అడ్డదూరం రెట్టింపైనప్పుడల్లా వంపు ఒక గడి ఎక్కుతుంది. దూరం 1, 2, 4, 8 అయితే ఎత్తు 0, 1, 2, 3.

ఇక్కడ రెండు సంగతులు చూడండి. దూరం సరిగ్గా 1 ఉన్నచోట log సున్నా అవుతుంది, బేస్ ఏదైనా సరే. కాబట్టి అసింప్టోట్ నుంచి ఒక గడి దూరంలో వంపు ఎంత ఎత్తులో ఉంటే అదే k. ఇక ఎక్స్‌పోనెన్షియల్‌లో జరపడం, సాగదీయడం కలిసిపోయినట్టే ఇక్కడా ఒక కలయిక ఉంది. `log₂(8x)` అంటే `3 + log₂ x`. అడ్డంగా ఎనిమిది రెట్లు నొక్కడం, నిలువుగా 3 పైకి జరపడం ఒకే వంపును ఇస్తాయి. అందుకని ఇక్కడ ఈ రూపం సరిపోతుంది:

`y = a·log_b(x − h) + k`

వంపు అసింప్టోట్‌కి ఎడమవైపు ఉంటే లోపల `h − x` రాయాలి. log లోపలిది ఎప్పుడూ ధనాత్మకం కావాలి కదా.

ఇంకా ఒక స్వేచ్ఛ మిగిలే ఉంది. a, b రెండూ కలిసి ఒకే పని చేస్తాయి, ఎందుకంటే బేస్ మార్చడమంటే ఒక స్థిరసంఖ్యతో గుణించడమే. log₂ x అంటే ln x ని ln 2 తో భాగించినది. అందుకే a ని 1 లేదా −1 అనుకుని బేస్ కనుక్కోవచ్చు, లేదంటే బేస్ ఎంచుకుని a కనుక్కోవచ్చు. ప్రశ్నలో బేస్ ఇచ్చి ఉంటే దానికే కట్టుబడండి.

ఒక లెక్క. అసింప్టోట్ x = 4. వంపు దానికి ఎడమవైపు ఉంది. అసింప్టోట్ దగ్గర పైకి లేచిపోతోంది, ఎడమకు వెళ్లేకొద్దీ మెల్లగా దిగుతోంది. (3, 2), (0, 0) దాని మీది బిందువులు. ఎడమవైపు కాబట్టి లోపల 4 − x. (3, 2) అసింప్టోట్ నుంచి సరిగ్గా ఒక గడి దూరం, కాబట్టి k = 2. (0, 0) నాలుగు గడుల దూరం, అక్కడికి వంపు రెండు గడులు దిగింది. దూరం నాలుగు రెట్లయితే రెండు గడులు దిగితే, రెట్టింపైతే ఒక గడి దిగుతుంది. బేస్ 2, a = −1.

`y = 2 − log₂(4 − x)`

x = 2 దగ్గర దూరం 2, కాబట్టి y = 1 రావాలి. x = −4 దగ్గర దూరం 8, y = −1. గ్రాఫ్ మీద రెండూ ఉంటే పని అయిపోయినట్టే.

ఒక గడి దూరంలో బిందువు ఇవ్వకపోయినా కంగారు అక్కర్లేదు. అసింప్టోట్ x = −3, వంపు కుడివైపు, బిందువులు (−1, 4), (5, 8) అనుకోండి. దూరాలు 2, 8. దూరం నాలుగు రెట్లయితే ఎత్తు 4 పెరిగింది, అంటే రెట్టింపుకు 2 పెరుగుతుంది. బేస్ 2 తీసుకుంటే a = 2. దూరం 2 నుంచి 1 కి వెనక్కి రండి, ఎత్తు 4 నుంచి 2 కి దిగుతుంది, k = 2. జవాబు `y = 2·log₂(x + 3) + 2`. అందంగా ఉంటుందని ఆ ముందున్న 2 ని ఘాతంగా లోపలికి తోసి `log₂((x + 3)²)` అని రాయకండి. వర్గం చేస్తే −3 కి ఎడమవైపు విలువలు కూడా ధనాత్మకమైపోయి, అక్కడ అసలు గ్రాఫ్‌లో లేని ఇంకో వంపు పుట్టుకొస్తుంది.

సమీకరణం నుంచి అసింప్టోట్ చదివేటప్పుడు కూడా లోపలి మొత్తాన్ని సున్నాకు సమానం చేయండి. `log₂(8 − 2x)` లో 8 కనిపించింది కదా అని x = 8 అనకండి. 8 − 2x = 0 అంటే x = 4.

ఏ బిందువులు ఎంచుకోవాలి

గళ్ల కాగితం మీద చదివేటప్పుడు కొద్దిపాటి పొరపాటు తప్పదు. అది ఎక్కడ జరిగిందన్నదాన్ని బట్టి నష్టం మారుతుంది. మళ్లీ `12·(1/2)^x − 1` నే తీసుకోండి. x = 4, 5 దగ్గర అసలు విలువలు −0.25, −0.625. వాటిని మీరు −0.2, −0.7 అని చదివారనుకుందాం. దూరాలు 0.8, 0.3 అవుతాయి, నిష్పత్తి 0.375. అసలు బేస్ 0.5, అంటే చాలా తేడా. అదే x = 0, 1 దగ్గర 11 ని 10.9 గా, 5 ని 5.1 గా చదివినా దూరాలు 11.9, 6.1 అవుతాయి, నిష్పత్తి 0.513. చదవడంలో పొరపాటు ఇక్కడే ఇంకాస్త ఎక్కువ, అయినా b దాదాపు సరిగ్గానే వచ్చింది. అసింప్టోట్‌ని ఆనుకుని పాకే భాగంలో దూరాలే చిన్నవి, కాబట్టి చిన్న పొరపాటు కూడా వాటిలో పెద్ద భాగమైపోతుంది. నిష్పత్తి కోసం బిందువులను వంపు అసింప్టోట్ నుంచి బాగా విడిపోయిన చోట తీసుకోండి. ఆ పాకే భాగాన్ని k చదవడానికి వాడుకోండి.

లాగరిథమ్‌లోనూ ఇదే జాగ్రత్త, కాకపోతే అడ్డంగా. అసింప్టోట్ పక్కనే వంపు దాదాపు నిలువుగా ఉంటుంది కాబట్టి అక్కడ x ని పావు గడి తప్పు చదివినా ఎత్తు ఎక్కడికో పోతుంది. ఒక గడి దూరం నుంచి మొదలుపెట్టి, అక్కడి నుంచి కుడికో ఎడమకో, గళ్ల మూలల గుండా సరిగ్గా పోయే బిందువులనే ఎంచుకోండి.